అడ్డకట్ట నాటకంలో దుర్మార్గుడు

ఎనభైల్లో నేను ములకలపల్లి దగ్గర పంతులుగా పనిచేసేవాణ్ణి. ఒక వేసవిలో మేం ఉపాధ్యాయులమంతా కలిసి నాటకం వేద్దామనుకున్నాం. రాసే పని నామీద పడింది. కథ చిన్నదే. ఎండాకాలం ఎగువ ఊరి పెద్దమనిషి వాగుకు అడ్డకట్ట వేసి, దిగువ ఊరికి చుక్క నీరు పోకుండా చేస్తాడు.

ఆ వేషం మా సోషల్ మాస్టారుకిచ్చాను. మొదటి రిహార్సల్లో ఆయన మీసం దువ్వి, "చావనీ, నాకేంది" అని విరగబడి నవ్వాడు. చూస్తున్నవాళ్లూ నవ్వారు. మాస్టారుకు మాత్రం నచ్చలేదు.

"సార్, ఈయన పొద్దుగాల లేచి నేను దుర్మార్గుణ్ణి అనుకుంటడా? ఊరిని కాపాడుతున్న అనుకుంటడు గదా. గట్ల రాయండి."

మళ్లీ రాశాను. మొదటి రంగంలోనే, అంతకు ముందు కరువులో నీళ్లు లేక చచ్చిన తన ఎడ్లను తలచుకుని ఆయన ఏడుస్తాడు. తన బావిలో మిగిలిన నీళ్లు పక్కింటి దూడకు పోస్తాడు. ఆ తర్వాతే కట్ట వేస్తాడు. ముందు కొన్నాళ్లకే అంటాడు, తర్వాత కాపలా పెడతాడు, చివరికి అడగవచ్చినవాణ్ణి కొట్టిస్తాడు. ప్రతిసారీ ఒకే మాట: "మన ఊరి కోసమే."

ఈసారి రిహార్సల్ చూసి అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేను పొంగిపోయాను. మా ఆవిడ మాత్రం మొహం ముడుచుకుంది.

"గిప్పుడు ఆయన చేసిందే కరెక్టయింది. కింది ఊరోళ్లు ఏరి? వాళ్ల గోస ఎవరికి కనబడాలె?"

ఆమె అన్నది నిజమే. ఆయన బాధను దగ్గరగా చూపించే సరదాలో, ఆయన పెట్టిన బాధను తెర వెనక్కి నెట్టేశాను. అందుకే దిగువ ఊరి ఆడమనిషిని ఖాళీ బిందెతో రంగం మీదికి తెచ్చాను. పెద్దమనిషి జాలిపడి, కట్ట దగ్గర ఆగిన నీళ్లతో తన చేత్తోనే బిందె నింపుతాడు. ఎంత మంచివాణ్నో అని మురిసిపోతుంటాడు. ఆమె బిందె నెత్తికెత్తుకుంటూ నెమ్మదిగా అంటుంది: "దొరా, ఇవి మా నీళ్లే గదా."

మాస్టారు ఆ మాటకు జవాబు కావాలని పట్టుబట్టాడు. వద్దన్నాను. పెద్దమనిషి మళ్లీ కట్ట మీదికి నడవాలి. తప్పు ఒప్పుకోడు. కానీ అప్పటినుంచి "మన ఊరి కోసమే" అనేటప్పుడు గొంతులో ముందున్న ధీమా ఉండదు.

బూర్గంపాడులో ఒక సాయంత్రం ఆడాం. చివరి రంగంలో కట్ట తెగినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి బురదలో ఒంటరిగా చతికిలబడినప్పుడు మాత్రం ఎవరూ కొట్టలేదు. నాకు అదే పెద్ద బహుమతి.

ఆట అయ్యాక ఒక ముసలమ్మ తెర వెనక్కి వచ్చి, రంగు తుడుచుకుంటున్న మాస్టారు ఎదుట నిలబడింది.

"నువ్వు చేసింది తప్పే, బిడ్డా."

మాస్టారుకు వేషం ఇంకా వదల్లేదు. "ఊరి కోసమే చేసిన గదా, అవ్వా."

"అవ్, నాకు ఎరుకే" అని ఆమె ఆయన భుజం తట్టి, బండి దొరకదేమోనని జల్దీ జల్దీగా వెళ్లిపోయింది.