తలుపు తట్టే తీరు

మా ఆఫీసులో అందరూ ఆవిడను అక్క అనేవాళ్ళు, వయసులో పెద్దవాళ్ళు కూడా. బట్టలుతికే మిషన్లు బాగుచేసే కంపెనీ మాది. మిషన్ చెడిపోయినవాళ్ళు ఫోన్లోంచి రాసి పంపుతారు, మేడ మీద గదిలో కూర్చున్నవాళ్ళు జవాబిస్తారు. అక్క పన్నెండేళ్ళు ఆ పని చేసింది. ఎదురు బల్ల నాది, విడిభాగాల లెక్క చూస్తాను. అందుకే ఇదంతా నా కళ్ళముందే జరిగింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మాకు రాసేవాళ్ళలో సగంమంది తిన్నగా విషయం చెప్పరు. "హలో, ఇంట్లో ఎవరైనా ఉన్నారా, తాళం వేసుకుని ఊరెళ్ళారా?" అని మొదలుపెడతారు. మా గదిలో మిగతావాళ్ళు దానికి "నమస్కారం, మీ సమస్య తెలియజేయగలరు" అని టైపు కొట్టి పడేసేవాళ్ళు. నవ్వుతూ వచ్చిన మనిషి మొహాన తలుపు వేసినట్టుండేది. అక్క మాత్రం, "ఉన్నామండీ, తలుపు తీయడమే ఆలస్యమైంది. మిషన్‌కి ఏమైంది చెప్పండి," అనేది. ఒక్క ముక్క, వెంటనే పని. అవతలివాళ్ళు మెత్తబడి మిషన్ నంబరు కూడా అడక్కుండానే పంపేవాళ్ళు.

అది మాటకారితనం కాదు, కళ్ళతో చేసే పని. తెర మీద మాట కనబడగానే అక్క ముందు గడియారం చూసేది. తర్వాత ఆ మనిషి అంతకుముందు ఏమైనా రాశారా అని పైకి జరిపి చూసేది. మొదటిసారి రాసినవాళ్ళు "ఎవరైనా ఉన్నారా" అంటే అది సరదా. పొద్దున్నించి మూడుసార్లు రాసి, జవాబు రాక నాలుగోసారి అవే మాటలంటే అది కోపం, నవ్వు ముసుగు వేసుకుంది అంతే. అప్పుడు అక్క నవ్వేది కాదు. "మూడుసార్లు రాశారు, మేం పలకలేదు. తప్పు మాదే. ఇప్పుడే చూస్తున్నాను," అని మెకానిక్‌కి ఫోన్ చేసేది.

సరదా అని తేలినా అక్క హద్దు దాటేది కాదు. వాళ్ళు తలుపంటే తానూ తలుపే అనేది, కొత్త జోకు తెచ్చి అతికించేది కాదు. నవ్వు ఎప్పుడూ మా ఆలస్యం మీదే, వాళ్ళ మీద కాదు. రెండో మాటకు వాళ్ళు సరదా వదిలేస్తే తనూ అక్కడే వదిలేసేది. "వాళ్ళు ఒక మెట్టు దిగితే మనం ఒక మెట్టే దిగాలి. నాలుగు దిగితే బావిలో పడతాం," అనేది.

అక్క పక్క బల్ల కళ్ళజోడుది. ఆమెను అందరం అలాగే పిలిచేవాళ్ళం, అసలు పేరు మర్చిపోయాం. ఇద్దరిదీ తొమ్మిదేళ్ళ స్నేహం, ఒకే డబ్బాలో అన్నం. కళ్ళజోడు ఆపరేషన్ చేయించుకున్నప్పుడు నెలరోజులు ఆమె పిల్లలకు జడలు వేసి బడికి పంపింది అక్కే. అంత దగ్గర.

ఆ గదికి పెద్దగా ఉన్నాయన రిటైరవుతున్నాడని తెలిసిన వారంలో కళ్ళజోడు ఒక నోట్‌బుక్ తెచ్చుకుంది.

"అక్కా, నీ జవాబులు రాసుకుంటానే. నాకూ అలవాటవుతాయి."

"రాసుకో. కానీ నేనన్నవి కాదే, వాళ్ళన్నవి రాసుకో. ఎన్నోసారి అన్నారో, ఎప్పుడన్నారో అది ముఖ్యం."

"సర్లే, పంతులమ్మా," అని నవ్వి, కళ్ళజోడు జవాబులు మాత్రమే రాసుకుంది. నేను చూశాను.

నెల తర్వాత మీటింగులో మేనేజర్ గొప్పగా ప్రకటించాడు. ఇకమీదట "ఎవరైనా ఉన్నారా" అని ఎవరు రాసినా కంప్యూటరే సరదాగా పలుకుతుందట. ఆ మాటలన్నీ తయారుచేసింది కళ్ళజోడేనట, గదికి పెద్ద కూడా ఆమేనట. ఆమె లేచి, "నా తొమ్మిదేళ్ళ అనుభవం సార్," అంది. అక్క పేరు ఎత్తలేదు. అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను, సిగ్గులేకుండా. అక్క కూడా కొట్టింది. కళ్ళు మాత్రం నేల మీదే ఉన్నాయి. ఆ కుర్చీ పోయినందుకు కాదు, ముందు ఒక్క మాటైనా చెప్పనందుకు ఆవిడ మనసు విరిగిందని నాకు తెలుసు.

అరువు తెచ్చుకున్న మాటలకు కళ్ళజోడు తన మసాలా కూడా దట్టించింది. సరిగ్గా పదోరోజు ఒకావిడ మెట్లెక్కి వచ్చి ఫోను బల్ల మీద పెట్టింది. ఇంట్లో మిషన్ కారి నీళ్ళు వంటగదంతా పారాయి, అత్తగారు జారిపడి మోచెయ్యి విరిగింది. పొద్దున్నించి మూడుసార్లు రాసింది, కట్టు కట్టిన చేతి ఫోటో కూడా పంపింది. ఎవరూ చూడలేదు. నాలుగోసారి, "హలో. లోపల ఎవరైనా ఉన్నారా?" అని రాసింది. దానికి కంప్యూటర్ వెంటనే పలికింది: "ఉన్నామండోయ్! తలుపు చాటున దాక్కున్నాం, పట్టేసుకున్నారే! మిషన్ అలిగిందా, మీరు అలిగారా?" కింద నవ్వే బొమ్మలు నాలుగు.

"మా అత్తగారి చెయ్యి విరిగితే మీకు దాగుడుమూతలా?" అని ఆవిడ ఏడ్చేసింది.

మేనేజర్ గదిలోంచి ఊడిపడ్డాడు. "ఎవరు రాశారిది?"

కళ్ళజోడు రెప్ప కూడా వేయలేదు. "అక్క మాటలే సార్. నేను టైపు చేశానంతే."

అది అబద్ధమని తెలిసినవాళ్ళందరూ ఎవరి తెరల్లోకి వాళ్ళు తల దించుకున్నారు. అందులో నేనూ ఉన్నాను. అక్క కళ్ళజోడు వంక ఒక్కసారి చూసింది, తర్వాత అటు చూడలేదు. ముందు ఆ వచ్చినావిడకు కుర్చీ లాగి కూర్చోబెట్టింది. "మూడుసార్లు రాశారమ్మా, మేం కళ్ళు మూసుకున్నాం. తప్పు మాదే," అని మెకానిక్‌ని అప్పటికప్పుడు పంపించింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. మర్నాటి నుంచి అక్కకు గోడౌన్‌లో పెట్టెల మీద చీటీలు అంటించే పని. మేనేజర్‌కి నిజం చెప్పమని నేనంటే, "నాతో కలిసి తిన్నదే చెప్పనప్పుడు ఇంకెవరు చెప్తే ఏం?" అంది. ఆ మాట నాకు కూడా తగిలింది, తగలాల్సిందే.

వారం తర్వాత ఒక ఆదివారం, బల్ల సొరుగులో మిగిలిపోయిన అక్క కప్పు, కుర్చీలో వేసుకునే దిండు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బావగారు బట్టలు మడతపెడుతున్నారు. అక్క టీ పెట్టి కూర్చుందో లేదో ఫోన్ మోగింది. చూసి, నాకు చూపించింది. కళ్ళజోడు రాసింది.

"హలో... లోపల ఎవరైనా ఉన్నారా, అలిగి తలుపేసుకున్నారా?" చివర ఒక నవ్వే బొమ్మ.

అక్క అలవాటుగా గడియారం చూసింది. పైకి జరిపి చూసింది. పైన, వెనకటి నెలలో పంచుకున్న కూర గురించి నాలుగు మాటలున్నాయి, ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇదే మొదటిసారి తట్టడం," అంది అక్క. "క్షమించమన్న మాట ఎక్కడా లేదు చూడు. నేనొక్క ముక్క సరదాగా అంటే చాలు దీనికి, అంతా సర్దుకుపోయిందనుకుని నిద్రపోతుంది."

"పోనీ, అసలు జవాబే ఇవ్వకు," అన్నాను.

"తలుపు తట్టినవాళ్ళకి పలక్కుండా ఎప్పుడైనా ఉన్నానా?"

కళ్ళు తుడుచుకుని, నెమ్మదిగా టైపు చేసి పంపింది. "నమస్కారం. మీ సమస్య తెలియజేయగలరు."

తొమ్మిదేళ్ళలో అక్క కళ్ళజోడుని "మీరు" అనడం అదే మొదటిసారి. కళ్ళజోడు చదివినట్టు గుర్తు వెంటనే పడింది. టీ చల్లారేదాకా చూశాం, జవాబు రాలేదు.