బలవంతం లేదన్న మాట ఎవరికి చెప్పినది

మొన్న మా తమ్ముడి సంతాప సభ రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలులో జరిగింది. ముందు వరుసలో కూర్చుండబెట్టారు గనుక చివరిదాకా వినక తప్పలేదు. విన్నది మాత్రం ఇంతవరకు అరగలేదు. లోకో షెడ్డులో జీవితమంతా గడిపినవాడి గురించి, అతని చేతి పని గురించి, పొగలో మసిబారిన ఆ నవ్వు గురించి ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చున్నారు. తరువాత మా తెలుగు కాలనీ కుర్రవాడొకడు లేచి, ఫోను చూసుకుంటూ హిందీలో, ఆయనను పాతకాలంలో మాయచేసి మతం మార్చారనీ, ఆ మార్చినవాళ్ళ ఇంటి పిల్లనెవరినో ఎరగా వేశారనీ అన్నాడు. వెంటనే అవతలి వరుసలోంచి ఒక ముస్లిము కుర్రవాడు లేచి, "మా గ్రంథంలో ధర్మంలో బలవంతం లేదని రాసి ఉంది, మేము ఎవరినీ ఎప్పుడూ బలవంతపెట్టలేదు" అని కేకవేశాడు. మొదటివాడు మళ్ళీ ఫోను తిప్పి, ఆ వాక్యం తరువాత రద్దయిపోయిందని కూడా రాసి ఉందన్నాడు. చచ్చిపోయినవాడి ఫొటో దండతో మధ్యలో ఉంది. అతడు ఏమి కోరుకున్నాడో ఆ ఇద్దరిలో ఒక్కడికీ తెలియదు, తెలుసుకుందామన్న కోరికా లేదు.

నాకు కోపం వచ్చింది. ఈ వయసులో కోపం ఒంటికి మంచిది కాదని మా కోడలు అంటుంది, కాని కొన్ని కోపాలను అణచుకొనడమే ఒంటికి చెరుపు. మీలో చాలామంది నా ఈడువారే. రైల్వే క్వార్టర్ల గోడకు గోడ ఆనిన బ్రతుకులు మీరు చూసినవే. అందుచేత మీతోనే చెబుతున్నాను.

నా తరువాత మా అమ్మకు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. పురుటిలోనో, పాలు మరవకముందో పోయేవారు. మా పక్క క్వార్టరులో ఒక గార్డు గారి కుటుంబం ఉండేది. ఆయన భార్యను మేము చాచీ అనీ, ఆయన తండ్రిని మౌల్వీ తాత అనీ పిలిచేవాళ్ళం. చాచీ వెంట అమ్మ దర్గాకు వెళ్ళి, ఈసారి పుట్టే బిడ్డ బ్రతికితే వాణ్ణి ఫకీరు చేస్తానని, పీరుగారి పిల్లవాడిగా పెంచుతానని మొక్కుకొన్నది. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇది కొత్త మొక్కు కాదు. ఫకీరమ్మలూ మస్తానయ్యలూ ఎన్ని ఇళ్ళలో లేరు! తమ్ముడు బ్రతికాడు. పురుటి జ్వరంతో అమ్మ మంచం పట్టగా, చంటిబిడ్డ ఉన్న చాచీయే వాడికీ పాలిచ్చింది. ఆ పాలతోనే ఆ కుర్రవాడి అబద్ధం పటాపంచలైపోతుంది. వారి ధర్మశాస్త్రం ప్రకారం పాలు తాగిన ఇంటి ఆడపిల్లలు తోడబుట్టినవారితో సమానం, పెళ్ళి నిషిద్ధం. ఎరగా వేయడానికి ఆ ఇంట్లో పిల్ల ఉండే అవకాశమే లేదు. ఈ చిన్న సంగతి తెలియనివాడు సభలో నిలబడి మాట్లాడతాడు!

తమ్ముడు రెండిళ్ళ బిడ్డగా పెరిగాడు. మొహర్రానికి ఆకుపచ్చ బట్ట కట్టుకొని మా వరుసలో భిక్ష అడిగేవాడు, దసరాకు నాన్న పక్కన కూర్చొని పూజ చేసేవాడు. నేను సాయంత్రాలు మౌల్వీ తాత దగ్గర కూర్చొనేవాణ్ణి. నాన్న నాకు సంస్కృతాంధ్ర కావ్యాలూ, తర్కమూ చెప్పించారు. ఆ చదువు వల్ల ఏ వాక్యం విన్నా దీనికి సందర్భమేమిటి, పూర్వపక్షమేమిటి, సిద్ధాంతమేమిటి అని అడిగే దుర్గుణం నాకు అబ్బింది. తాతకు ఆ దుర్గుణం మహా ఇష్టం. తమ వ్యాఖ్యాతలూ సరిగ్గా అలాగే నడుస్తారని చెప్పి, ఆ గ్రంథాలు ముందు పెట్టుకొని ఉర్దూలో చదివి, మన తెలుగులోకి మెల్లగా దించేవారు.

తమ్ముడు షెడ్డులో ఉద్యోగానికి కుదిరి, మీసం గట్టిపడిన తరువాత, ఒక సాయంత్రం నాన్నతో తాను వారి విశ్వాస వాక్యం కలిమా చదివి ముస్లిము కాదలచుకొన్నానని నెమ్మదిగా చెప్పాడు. విషయం తెలిసి మా పెదనాన్న శ్రీకాకుళం నుంచి రైలు దిగాడు. దిగీ దిగగానే తమ్ముణ్ణి వెనక గదిలోకి తోసి, బయట గొళ్ళెం పెట్టి, దాని ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. తమ్ముడు అరవలేదు. తన డ్యూటీ సంగతి షెడ్డులో ఎవరైనా చెప్పండని మాత్రం లోపలినుంచి అడిగాడు. ఈ కబురు పాకి, అవతలి వరుసలోని ముస్లిము కుర్రవాళ్ళు పదిమంది మౌల్వీ తాత గుమ్మం ముందు చేరారు. మొక్కు మన పీరుది, పాలు మన ఇంటివి, వాడు మనవాడే, తలుపు బద్దలుకొట్టి తెస్తాం, శుక్రవారం ఊరేగింపుగా మసీదుకు తీసుకువెళదాం అని వారి పట్టు.

తాతకు వచ్చినంత కోపం నేను మరెవరికీ చూడలేదు. ఆ రోజు ఆయన ఆ కుర్రవాళ్ళకు చెప్పినదంతా గోడ ఇవతలినుంచి విన్నాను. బలవంతం లేదన్న ఆ వాక్యం గాలిలోంచి ఊడిపడలేదు. వారి ప్రవక్త మదీనాకు రాకముందు, ఆ ఊళ్ళో పిల్లలు దక్కని తల్లులు, బిడ్డ బ్రతికితే యూదు మతంలో పెంచుతామని మొక్కుకొనేవారు. తరువాత ఆ తల్లిదండ్రులు ముస్లిములయ్యారు, బిడ్డలు మాత్రం యూదుల నడుమనే ఉండిపోయారు. పోరాటం వచ్చి ఒక యూదు తెగ ఊరు విడవవలసి వచ్చినప్పుడు వారిలో ఈ బిడ్డలూ ఉన్నారు. మా పిల్లలను పోనిచ్చేది లేదని తల్లిదండ్రులు అడ్డుపడ్డారు. అప్పుడు వచ్చింది ఆ వాక్యం. ఎంచుకొనడం బిడ్డల చేతికి వచ్చింది, ఉండదలచినవారు ఉన్నారు, పోదలచినవారు పోయారు. ఆ పిల్లలు యూదు స్త్రీల పాలు తాగి వారివెంటే పోతామన్నవారని మరొక కథనం. సిరియానుంచి వచ్చిన నూనె వర్తకుల మాట విని క్రైస్తవులైన ఇద్దరు కొడుకులను బలవంతంగా తిప్పుకోవచ్చునా అని ఒక తండ్రి అడిగాడని ఇంకొక కథనం. "మూడింటిలోనూ పట్టుకొని లాగినవాళ్ళు ఎవరు? మన వాళ్ళే. వదిలెయ్యమని ఎవరికి చెప్పినారు? మనకే. ఇప్పుడు తలుపు బద్దలుకొట్టి, భుజాల మీద మోసుకొచ్చి, వాడి నోట మాట పలికిస్తే దానికి ఏం పేరు పెడతార్రా?" అని తాత అడిగిన తరువాత వాళ్ళు ఒక్కొక్కరే జారుకొన్నారు.

తాత తమకు అనుకూలమైనది మాత్రమే చెప్పి ఊరుకునే మనిషి కాదు. అందుకే ఆయన మీద నాకు ఇంత గౌరవం. ఆ వాక్యం ఆ బిడ్డల కోసమే వచ్చినదన్న వ్యాఖ్యాతలున్నారనీ, యుద్ధాన్ని గురించిన వాక్యాలతో అది రద్దయిందన్నవారూ ఉన్నారనీ నాకు ఏనాడో చెప్పారు. ఒక ప్రాచీన మహావ్యాఖ్యాత ఆ రద్దు పక్షాన్ని ఖండించి, రెండు వాక్యాలు ఏ విధంగానూ పక్కపక్కన నిలవలేనప్పుడే ఒకటి మరొకదాన్ని రద్దు చేసినట్లవుతుందనీ, ఇక్కడ నిలుస్తాయనీ, ముస్లిము రాజ్యానికి పన్ను కట్టి తమ మతంలోనే ఉండగల వారందరికీ ఇది వర్తిస్తుందనీ తేల్చాడట. విశ్వాసాన్ని దేవుడు నిర్బంధం మీద గాక ఎంపిక మీద నిలిపాడని మరొకరు, లోకం పరీక్షాస్థలం గనుక బలవంతం చేస్తే పరీక్షే చెడుతుందని ఇంకొకరు. మంచిదారి చెడుదారి నుంచి విడిగా తెలిసిపోయింది గనుక నెట్టవలసిన పని లేదన్న కారణం ఆ వాక్యంలోనే వెంటనే ఉంది. నినాదాలవాళ్ళు అది చదవరు. విగ్రహారాధకులమైన మమ్మల్ని కొందరు శాస్త్రకారులు ఈ నీడ కిందికి రానివ్వలేదనీ, ఈ దేశంలో చెల్లే సంప్రదాయం రానిచ్చిందనీ, మతం విడిచిపోయే తమవారికి మాత్రం పాతవారు ఈ నీడ ఇవ్వలేదనీ కూడా తల వంచుకొని చెప్పారు. అన్ని పక్షాలూ ముందు పెట్టి, తాను ఏ పక్షమో ఆ తరువాత చెప్పే నిజాయితీ అది. సభలో ఆ కుర్రవాడు రద్దయిందన్నాడే, ఎవరన్నారో, ఎవరు కాదన్నారో వాడికి తెలుసా? రెండవవాడికి తన గ్రంథంలో ఆ వాక్యానికి ముందు ఏముందో, వెనక ఏముందో తెలుసా?

మరునాడు పొద్దున్న తాత మా గుమ్మంలోకి వచ్చారు. నాన్న లేచి నిలబడ్డారు, పెదనాన్న కుర్చీ వదలలేదు. తాత ఆ కథంతా మళ్ళీ చెప్పారు. పెదనాన్న విని, వెటకారంగా నవ్వాడు.

"బాగానే ఉంది గానండి మౌల్వీ గారూ, మీ పుస్తకం నాకేటి ప్రమాణం?"

"అచ్ఛా, మీకు కాదు బాబూ. నాకు ప్రమాణం. అందుకే వచ్చినాను."

తరువాత ఆయన చెప్పినది నేను మరువలేను. వారి రెండవ ఖలీఫా ఒకనాడు ఒక క్రైస్తవ వృద్ధురాలిని తమ ధర్మంలోకి రమ్మని పిలిచాడట. నేను ముసలిదాన్ని, చావు దగ్గరపడింది అని ఆమె ఒప్పుకోలేదు. ఆమె తన దగ్గరకు ఏదో అవసరం మీద వచ్చిందనీ, తన పిలుపే ఒత్తిడి అయిందేమోననీ ఆయన భయపడి, దేవుణ్ణి సాక్షిగా పిలిచి ఈ వాక్యం చదివాడట. ఈ పిల్లవాడు నా ఇంటి తిండి తిన్నాడు, నా కోడలి పాలు తాగాడు, నా మొహం ఎదురుగా ఉంటే వాడు కాదనలేడు, అందుకని రైలెక్కి కర్గీ రోడ్ ఊళ్ళో మా అమ్మాయి ఇంటికి వెళుతున్నాను, వాడు తేల్చుకొనేదాకా రాను అని, పరుపుచుట్ట చంకన పెట్టుకొని స్టేషను వైపు నడిచిపోయారు. వాడు తమవాడు కావాలని లోలోపల ఆయనకు ఎంత ఆశో నాకు తెలుసు.

పెదనాన్న స్నానానికి వెళ్ళగానే అమ్మ లేచింది. నాన్న చూస్తూ ఊరుకున్నారు. ఆమె గొళ్ళెం తీసి, తలుపు బార్లా తెరిచి, గడప మీద కూర్చుంది.

"మొక్కినది నాను, నువ్వు కాదు. ఆ మొక్కు తీరిపోయింది. ఇప్పుడు నీకేటి కావాలో నువ్వు చెప్పు నాయనా."

తమ్ముడు వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. తాను అడిగినది మొక్కు కోసం కాదు, చాచీ కోసమూ కాదు, తాత కోసమూ కాదు, తనకు అదే నిజమని తోచింది అన్నాడు. అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే వాడికి అన్నం పెట్టి, డబ్బా కట్టి డ్యూటీకి పంపింది.

తాత తిరిగి వచ్చిన తరువాత కూడా తమ్ముణ్ణి వెంటనే ఒప్పుకోలేదు, ఇంకా ఆలోచించుకొమ్మని రెండుసార్లు వెనక్కి పంపి, మూడవసారి గాని కలిమా చదివించలేదు. ఈలోగా పెదనాన్న మా ఊరి అర్పా నది ఒడ్డున నువ్వులూ నీళ్ళూ వదిలాడు. బ్రతికి ఉన్న కొడుకుకు, షెడ్డులో బొగ్గు ఎత్తుతున్న కొడుకుకు, తిలోదకాలు! ఆ దృశ్యం తలచుకొంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. శాస్త్రమెరిగినవాడు శాస్త్రాన్ని కక్షకు వాడుకోవడం కంటే నీచమైనది లేదు. అమ్మ మాత్రం ఊపిరి ఉన్నంతవరకు ప్రతి పండుగకూ తమ్ముడి ఇంటికి వెళ్ళి, తన వంట తానే అక్కడ వండుకొని, వాడి పక్కన కూర్చొని తిని వచ్చేది.

సభ ముగిశాక ఆ ఇద్దరు కుర్రవాళ్ళనూ పిలిచి ఇదంతా చెబుదామనుకొన్నాను. ఒకడు మోటారుసైకిలు ఎక్కేశాడు, రెండవవాడు ఫోనులో ఎవరికో తాను ఎలా జవాబిచ్చాడో చెప్పుకుంటున్నాడు. మా పాత క్వార్టర్లు కూలగొట్టారు, నేనిప్పుడుంటున్న రాజ్‌కిశోర్ నగర్ మేడమీద ఏ గోడ అవతలినుంచీ ఎవరి మాటా వినిపించదు. ఆ వాక్యాన్ని ఇప్పుడు అందరూ ఎదుటివాడి మీదికే విసురుతున్నారు. తనకు చెప్పినదనుకొని, పరుపుచుట్ట చంకన పెట్టుకొని, ఎంతో ఇష్టమైన బిడ్డకు ఎదురుపడకుండా ఊరు విడిచి వెళ్ళగలవాడు ఒక్కడు కనబడితే, నా కోపం చల్లారుతుంది. కర్గీ రోడ్ వైపు వెళ్ళే బండి కూత విన్నప్పుడల్లా, ఇవాళైనా ఎవరైనా ఎక్కారేమోనని అనుకుంటాను.