గుండె పటంలో ఖాళీ

పదో తరగతి పిల్లల చేత గుండె పటం నాలుగు నిమిషాల్లో గీయించడం నా పంతం. శంషాబాద్‌లో ఒక చిన్న బడిలో జీవశాస్త్రం చెబుతాను. బొమ్మ బాగా వచ్చిన పిల్లలే పరీక్షలో ఎక్కువ నష్టపోతారు. సోకులు దిద్దుతూ కూర్చుంటే చివరి ప్రశ్నకు టైం మిగలదు. అందుకే వరస నేర్పాను. ముందు బయటి గోడ, తర్వాత జఠరికల నడిమి గోడ, ఆపైన కవాటాలు, రక్తనాళాలు. ఎడమ జఠరిక గోడ మందంగా రావాలి. భాగాల పేర్లకు లాగే గీతలు స్కేలుతో, ఒకదాన్నొకటి దాటకుండా కుడివైపుకే పోవాలి. షేడింగ్ చేస్తే వీపు విమానం మోత మోగుతుందని బెదిరించేదాన్ని.

"ఆలోచన చెయ్యకుర్రి. చెయ్యిని పోనియ్యుర్రి, అదే గీస్తది," అనేదాన్ని.

ఆ సంవత్సరం ఒక అమ్మాయి ఉండేది. బొమ్మ ముద్దుగా గీసేది, పన్నెండు నిమిషాలు పట్టేది. వాళ్ల బాపుది ఎయిర్‌పోర్టు కార్గోలో పెట్టెలు ఎత్తే పని. మార్కులను బట్టి సీటిచ్చే ఉచిత హాస్టల్ కాలేజీ ఒకటుంది. అందులో సీటు రాకపోతే చదువు బందేనని ఇంట్లో తేల్చేశారు. ఒక్క మార్కు కూడా వదులుకునే స్థితిలో లేదు. రోజూ బడి అయ్యాక కూర్చోబెట్టి గీయించాను. నెల తిరిగేసరికి నాలుగు నిమిషాలకు వచ్చింది. నా కంటే తనకే చెయ్యి తిరిగిందని మురిసిపోయాను.

ప్రీఫైనల్ పేపర్లు మేం దిద్దుకోం. షాద్‌నగర్‌లో ఒక బడితో మార్చుకుంటాం. మా కట్ట తిరిగి వచ్చింది. మొదటి పేపర్లో గుండె నడిమి గోడ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది, పక్కన ఒక మార్కు కోత. రెండో దాంట్లోనూ అక్కడే. ఆ దిద్దిన మనిషి మీద ఒళ్లు మండింది. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం అనుకుంటూ పేపర్లు తిరగేశాను. అన్నింట్లోనూ అదే చోట సున్నా. ఆ అమ్మాయి పేపర్లో మాత్రం రెండు ముక్కలు రాసి ఉన్నాయి: 'గుండెకు చిల్లా?'

అప్పుడు చూశాను. ప్రతి గుండెలోనూ రెండు జఠరికల నడిమి గోడ మధ్యలో తెగి ఉంది. మంచి రక్తం, చెడ్డ రక్తం కలిసిపోయేంత ఖాళీ. అందరూ పక్కవాళ్లది చూసి గీశారనుకుందామంటే, మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా ఒకే కొలత.

కాళ్లు వాటంతటవే తరగతి గదికి నడిచాయి. పిల్లలు వెళ్లిపోయారు. కిటికీ వెలుతురు కొట్టదని నేనెప్పుడూ బోర్డు కుడివైపే గీస్తాను. అక్కడ, సరిగ్గా నడిమి గోడ గీత దిగే దారిలో, పాత మేకు ఊడిన చోట సిమెంటు పెచ్చు లేచి ఉంది. చాక్‌పీసు అక్కడ అంటదు. ఆ చోట ఎత్తి, కింద మళ్లీ పెట్టడం నాకు అలవాటైపోయింది. పిల్లలు నా పొరపాటును కూడా శ్రద్ధగా నేర్చుకున్నారు. సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఎంతమంది ఈ చిల్లు గుండెతో పబ్లిక్ పరీక్ష రాశారో.

బల్ల మీద తెల్ల కాగితం పెట్టుకుని గీశాను. కాగితానికి పెచ్చు లేదు. అయినా నడిమి గోడ సగానికి వచ్చేసరికి పెన్సిల్ లేచి, కింద దిగింది. మళ్లీ గీశాను. మళ్లీ లేచింది. నా చెయ్యి నాది కానట్టు అనిపించింది.

మర్నాడు పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పి, గోడ మూయమన్నాను. మూశారు. టైం పెట్టి గీయిస్తుండగా బడి మీదుగా విమానం వచ్చింది. ఆ రొదలో నా మాట వినపడదని వరస చెప్పడం ఆపాను. ఒక్కరూ తలెత్తలేదు. నలభై పెన్సిళ్లు దిగుతూ వచ్చి, ఒక్కసారే గాల్లోకి లేచి, ఒక్కసారే దిగాయి. నాకు భయమేసింది. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పదిసార్లు గీయించాను. నేను చూస్తున్నంతసేపూ గోడ సరిగ్గానే వచ్చింది.

పబ్లిక్ పరీక్ష రోజు సెంటర్ గేటు దగ్గర నిలబడ్డాను. రాసి ముగించి ఆ అమ్మాయి పరుగున బయటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"టీచర్, గుండెనే వచ్చింది! నాలుగు నిమిషాలు గూడ పట్టలే. అన్ని ప్రశ్నలు రాసిన."

"నడిమి గోడ మూసినవా, బిడ్డా?"

"మూసిన టీచర్, గట్లెట్ల మర్చిపోత? గిట్లనే గీసిన, చూడుర్రి."

చేతిలోని పరీక్ష అట్ట మీద వేలితో గీసి చూపించింది. బయటి గోడ గుండ్రంగా తిరిగింది. వేలు నడిమి గోడ మీదుగా కిందికి వచ్చింది, సగంలో లేచింది, ఇంత దూరం గాల్లో నడిచి మళ్లీ అట్టను తాకింది.

"ఫుల్ మార్కులే కద, టీచర్?" అంది నవ్వుతూ. తన వేలు లేచిన సంగతి తనకు తెలియదు.