సగం దారి వాళ్లు

మా వదినకు కోపం రాదని ఇంట్లో అందరి నమ్మకం. ఆమె నివురుగప్పిన నిప్పని ఆడపడుచునైన నాకొక్కదానికే తెలుసు.

బడిలో చరిత్ర చెప్పుకుంటూనే నలభై దాటాక ఎం.ఏ. చదివి, కాలినడక తీర్థయాత్ర మీద థీసిస్ రాసింది. అందులో ఒక అధ్యాయం సగం దారిలో వెనక్కి తిరిగిన ఆడవాళ్లది. మోకాళ్లు మొరాయించి కొందరు, చంటిబిడ్డకు జ్వరమొచ్చి కొందరు, ఇంటి నుంచి కబురొచ్చి కొందరు తిరిగారు. వాళ్ల మాటలు అచ్చులో వస్తాయని వదిన వాళ్లకు మాటిచ్చింది.

ఆ థీసిస్‌ను ఒక పరిశోధన పత్రికకు వ్యాసంగా మార్చడంలో మొదటి తప్పు ఆమెదే. ఏ అధ్యాయానికీ అన్యాయం జరగకూడదని అన్నింటినీ సమానంగా కత్తిరించింది. థీసిస్ ఏమైనా పెళ్లిపందిరా, అందరికీ సమానంగా వడ్డించడానికి? పత్రిక సంపాదకురాలు తిప్పి పంపింది: "ఇది పొట్టి థీసిస్. వ్యాసం కావాలంటే మీరు చెప్పే ఒక్క మాటేదో తేల్చుకోండి."

"నేను సరిచేస్తాలే" అని థీసిస్‌కు గైడుగా ఉన్న ప్రొఫెసరు తీసుకున్నాడు. తిరిగొచ్చిన కాగితాలు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆయనకిష్టమైన సిద్ధాంతమే మొదటి నుంచి చివరిదాకా. ఆ ఆడవాళ్లు అడుగున ఒక ఫుట్‌నోట్‌లో మిగిలారు. పైగా ఆయన పేరు ముందు, వదిన పేరు వెనక.

వదిన వంటింటి బల్ల దగ్గర కూర్చుని మళ్లీ మొదలుపెట్టింది. "జనం యాత్రకు ఎందుకు వెళతారు?" అన్న పాత ప్రశ్నను కొట్టేసి, "చేరనివాళ్లది యాత్ర కాదా?" అని రాసింది. దారి చరిత్ర మొత్తం తీసేసింది. పూర్వ పరిశోధనల అధ్యాయాన్ని రెండు పేరాలు చేసింది. యాత్రంటే వెళ్లడం, చేరడం, తిరిగి రావడం అనే గైడు సిద్ధాంతాన్ని, ఆ ఆడవాళ్లు ఎక్కడ దాన్ని తప్పని చూపిస్తారో అక్కడే ఉంచింది.

ఆ రాతప్రతితో గైడు గదికి వెళ్లినప్పుడు తోడుగా నేనూ వెళ్లాను.

"నా సిద్ధాంతమేదమ్మా?"

"ఎంత అవసరమో అంత ఉందండీ."

"చేరనివాళ్లు మినహాయింపులు. మినహాయింపుల మీద వ్యాసం రాస్తారా ఎవరైనా?"

"వాళ్లనే వదిలేస్తే నా దగ్గర కొత్తగా చెప్పడానికి ఏముందండీ?"

ఆయన ముఖం కందగడ్డయింది. "అయితే నా పేరు తీసెయ్. నా పేరు లేకుండా దీన్నెవడు చదువుతాడో నేనూ చూస్తా!"

బెదిరిస్తే కాళ్ల మీద పడుతుందనుకున్నాడు మహానుభావుడు. వదిన ఆయన బల్ల మీది పెన్నే తీసుకుని, ఆయన కళ్లముందే ఆ పేరు కొట్టేసింది. గీత వంకరపోయింది, అయినా ఆగలేదు.

"రాసినవాళ్ల పేర్లు తీసేశాకే పత్రికవాళ్లు వ్యాసాన్ని సమీక్షకులకి పంపుతారు కదండీ. మీరైనా నేనైనా వాళ్లకి కనబడం. కనబడేది ఆ ఆడవాళ్లే."