పదహారు మాత్రలు

మా నాన్నది గీదంలో కిరాణా కొట్టు. మేనమామలు ఇద్దరిదీ అదే పని. అవతలివాడు చెప్పిన మొదటి మాట నమ్మకూడదని నేను నడక కంటే ముందే నేర్చుకున్నాను. ఇప్పటికీ వంకాయల దగ్గర సగానికి అడుగుతాను, కొనే ఉద్దేశం లేకపోయినా. డాక్టరునైనా ఆ బుద్ధి పోలేదు. బైలాడీలా కొండల కింద గనుల ఊళ్ళో ఆసుపత్రిలో పనిచేస్తూ, పరీక్షల దగ్గర కూడా ఒకదానితో తేలేదానికి రెండెందుకని బేరమాడుతూ వచ్చాను.

ఆమె తెలుగు మాట్లాడే సరిహద్దు పల్లె నుంచి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. బీడీల తునికాకు కోతకు వంగి కూర్చుంటే మళ్ళీ లేవలేకపోతోందని భర్త తీసుకొచ్చాడు. గుండ్రంగా ఉబ్బిన ముఖం, ఎర్రటి బుగ్గలు, సన్నబడిన కాళ్ళు. దెబ్బ తగలకుండానే చేతుల మీద కమిలిన మచ్చలు. పొట్ట మీద వేలెడు వెడల్పున ఊదారంగు చారలు. బీపీ, షుగరు రెండూ మూడేళ్ళుగా మెల్లగా పెరుగుతూ వచ్చాయట.

"బాగ తిని బలిసింది అంటున్నరు సారూ ఊళ్ళె," అన్నాడు భర్త.

"తిండేడిది? నీ వంట తిని ఎవలన్న బలుస్తరా?" అందామె.

కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువైతే మనిషి ఇలాగే ఉంటాడు. దానికి అన్నిటికంటే మామూలు కారణం బయటి నుంచి వచ్చే స్టెరాయిడే. సంతలో కీళ్ళనొప్పికి అమ్మే పొడుల్లోనూ, పేరు లేని మాత్రల్లోనూ అది దొంగచాటుగా ఉంటుంది. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో తెప్పించి చూశాను. పొడులు లేవు, సూదిమందులూ వేయించుకోలేదు. పైగా అలాంటి మందు వాడేవాళ్ళకు సొంత కార్టిసాల్ అణిగిపోయి తక్కువగా కనిపిస్తుంది. ఈమెకు ఒక రోజు మూత్రమంతా పట్టి రెండుసార్లు చూసినా ఎక్కువగానే వచ్చింది. వార్డులో ఉంచి, రాత్రి పదకొండింటికి నర్సు చేత అర మిల్లీగ్రాము డెక్సామెథసోన్ స్టెరాయిడ్ మాత్రలు రెండు మింగించాం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ ఒక్క మిల్లీగ్రాముతో పొద్దున ఎనిమిదికల్లా కార్టిసాల్ పాతాళానికి దిగాలి. ఆమెకు దిగలేదు.

జబ్బు ఉందని తేలింది. ఇక ఎక్కడుందో తేలాలి.

నాకు కొట్టు భాషలో తప్ప ఏదీ సరిగా అర్థం కాదు. మెదడు కింద వేలాడే పిట్యూటరీ యజమాని. మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులు సరుకు తయారుచేసే పనివాళ్ళు. యజమాని పంపే చీటీ పేరు ఏసీటీహెచ్. డెక్సామెథసోన్ అంటే 'గోదాము నిండింది, ఇక ఆపండి' అనే అబద్ధపు కబురు. పనివాడే తిరగబడితే, అంటే అడ్రినల్‌లో గడ్డ ఉంటే, అతను చీటీ అడగడు, యజమానీ రాయడు. అప్పుడు రక్తంలో ఏసీటీహెచ్ అడుగంటుతుంది. ఈమెకు అడుగంటలేదు, కాస్త ఎక్కువగానే ఉంది. కాబట్టి పనివాడి తప్పు కాదు.

మిగిలినవి రెండు. యజమానికే కాస్త చెముడు వచ్చి ఉండాలి, అంటే పిట్యూటరీలో చిన్న గడ్డ. లేదా ఊపిరితిత్తిలోనో ఇంకెక్కడో దొంగ కొట్టొకటి తెరుచుకుని నకిలీ చీటీలు రాస్తూ ఉండాలి. చెవిటి యజమాని గట్టిగా అరిస్తే కొంత వింటాడు: ఎనిమిది మిల్లీగ్రాములిస్తే కార్టిసాల్ చాలామందిలో సగానికి పైగా తగ్గుతుంది. దొంగ కొట్టువాడు సాధారణంగా ఎంత అరిచినా వినడు. ఇదీ పూర్తిగా నమ్మలేని పరీక్షే, కానీ మా దగ్గర ఉన్నది అదే.

ఎనిమిది మిల్లీగ్రాములంటే మా ఫార్మసీలో ఉన్న అర మిల్లీగ్రాము మాత్రలు పదహారు. అప్పుడు వార్డులో మంచాలు ఖాళీ లేవు. వాళ్ళు లేబర్ కాలనీలో చుట్టాల ఇంట్లో దిగారు. పొద్దున రక్తం తీయించి, పదహారూ కాగితంలో పొట్లం కట్టిచ్చి, రాత్రి పదకొండింటికి ఒకేసారి మింగి మర్నాడు ఎనిమిదికి రమ్మన్నాను. ఒక మంచం మిగిల్చానని సంతోషించాను కూడా.

ఫలితం వచ్చింది. కార్టిసాల్ మూడో వంతు మాత్రమే తగ్గింది. వినలేదు. దొంగ కొట్టే!

ఛాతీ సీటీ తీయించడానికి వాళ్ళను జగదల్‌పూర్ పంపాను. కుడి ఊపిరితిత్తి పై భాగంలో మినపగింజంత మచ్చ కనిపించింది. ఇక నాకు నిద్ర పట్టలేదు. అది తీయాలంటే ఛాతీ కోయాలి. ఎముకలు అప్పటికే గుల్లబారి, గాయాలు మానని మనిషి ఆ కోతకు తట్టుకుంటుందా? భర్తకు చెప్పాను. అతను "కోస్తె బతుకుతదా సారూ?" అన్నాడు.

హైదరాబాద్‌లో హార్మోన్ల డాక్టరుగా ఉన్న మా సీనియర్‌కు ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని నిట్టూర్చింది.

"పొటాషియం ఎంతుంది?"

"మామూలే అక్కా."

"మూడేళ్ళుగా మెల్లగా ఎక్కిన జబ్బు, మామూలు పొటాషియం. నీ దొంగ కొట్టయితే నెలల్లోనే ముంచేది, పొటాషియమూ పడిపోయేది. నీకు అలా అనిపిస్తోందా? ఆ మచ్చ పాత టీబీదై ఉండొచ్చు. సరేగానీ, ఆ మాత్రలు ఆమె మింగగా చూసిందెవరు?"

"నా చేత్తో ఇచ్చానక్కా."

"ఇచ్చావులే. మింగడం చూశావా అంటున్నా."

మర్నాడు ఆమెను పిలిచి అడిగాను. ఆమె మొగుడి వంక చూసింది. మొగుడు పైకప్పు వంక చూశాడు.

"అన్నీ మింగావా అమ్మా?"

"మింగిన సారూ."

"పదహారూ?"

"పదారా? ఎన్మిది."

"అదేంటి! పదహారు ఒకేసారి అని చెప్పాను కదా?"

భర్త అందుకున్నాడు. "జెప్పిన్రు సారూ. పదారంటే ఏంది, కడుపు నింపుకునుడేనా? సంతల ఎవడైన రెట్టింపే జెప్తడు గద. మీరు గూడ ఎక్కువనే జెప్పి ఉంటరని సగం ఇచ్చిన. కడమయి పెట్టెల పదిలంగున్నయి. రేపు నా మోకాలుకు పనికొస్తయని దాసిన."

"నేను మింగుత అంటే ఈయననే గుంజుకున్నడు సారూ!" అందామె.

నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ మొదటి మాటకు సగం అంటూ బతికిన మనిషిని, ఎదుటివాళ్ళూ నా మాటకు సగమే ఇస్తారని ఊహించలేకపోయాను. పరీక్ష తప్పలేదు. సగం మందే లోపలికి పోతే, నేను పూర్తి జవాబు రాబట్టానని అనుకున్నాను. దాన్ని పట్టుకునే ఒక మనిషి ఛాతీ కోయించబోయాను. దాచిన ఎనిమిదీ తెప్పించి చెత్తబుట్టలో వేశాను. అతను వాటి వంక దిగులుగా చూశాడు.

ఈసారి వార్డు వరండా చివర ఒక మంచం వేయించాను. పదహారు మాత్రలూ నర్సు ఎదుట రెండేసి చొప్పున మింగింది, ప్రతిసారీ భర్తను ఒక తిట్టు తిట్టి. పొద్దుటి కార్టిసాల్ సగానికి చాలా కిందకు దిగింది. రాయపూర్‌లో తీసిన ఎమ్మారైలో పిట్యూటరీకి ఎడమవైపు ఏడు మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది. అంత చిన్న గడ్డను ఊరికే నమ్మకూడదని, అక్కావాళ్ళ ఆసుపత్రిలో తొడ సిర గుండా పిట్యూటరీ పక్క సిరల దాకా గొట్టాలు పంపి రక్తం తీసి చూశారు. చీటీలు అక్కడి నుంచే వస్తున్నాయి. ఊపిరితిత్తిలోని మచ్చ పాతదేనని, దాన్ని ముట్టుకోనవసరం లేదని తేల్చారు.

ముక్కు దారిన గడ్డ తీశారు. మూడో రోజు అక్క ఫోన్ చేసింది: పొద్దుటి కార్టిసాల్ దాదాపు సున్నా. మిగతా పిట్యూటరీ ఇన్నాళ్ళూ నిద్రపోయింది కాబట్టి అది మేలుకునే దాకా అలాగే ఉంటుంది. గడ్డ పూర్తిగా పోయిందనడానికి అదే గుర్తు, మాకు కావలసిందీ అదే.

రెండు నెలలకు ఆమె మళ్ళీ వచ్చింది. ముఖం సన్నబడింది. బీపీ మాత్రలు ఒకటికి దిగాయి. బల్ల మీద తల వాల్చి కూర్చుంది.

"అప్పుడే నయముండె సారూ. ఇప్పుడు ఒళ్ళంత సచ్చిపోయినట్టుంది. గిదేనా బాగవుడంటె?"

ఇదేనని చెప్పాను. ఇంకో ఆరు నెలలో, ఏడాదో పట్టొచ్చని, అప్పటిదాకా కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ ఒక్క పూట కూడా మానకూడదని, జ్వరమొస్తే రెట్టింపు వేసుకోవాలని చెప్పాను. ఆమె సరేనని తలాడించింది. బస్సుకు ఇంకా రెండు గంటలుంది. భర్త టీ తేవడానికి వెళ్ళాడు. ఆమె అలాగే బల్ల మీద కళ్ళు మూసుకుంది. బయట ఓపీ వరుస పెరుగుతున్నా, నేను లేపలేదు.