యాభై రెండు ఫ్రేములు

నా ఉద్యోగం తప్పులు పట్టడం. టీవీ ఛానల్‌కి బయటినుంచి వచ్చే ప్రతి కార్యక్రమాన్నీ ప్రసారానికి ముందు ఆసాంతం చూసి, రంగు ఎక్కడ చెడింది, మాట ఎక్కడ తెగింది, నిడివి ఎంతుంది అని ఫారం మీద రాసి సంతకం పెట్టాలి. ఇలాంటి పని చేసేవాణ్ని ఎవరూ టీకి పిలవరు. నాకూ జనం మీద పెద్ద మోజేం లేదు. సంజాయిషీలు వింటే ఒళ్లు మండుతుంది. కాబట్టి ఎడిటరక్క గురించి నేను మంచిగా రాస్తున్నానంటే ఊరికే రాయడం లేదని గ్రహించండి.

పదకొండేళ్లు ఆమె నాకు గొంతుగానే తెలుసు. మూడు వీధుల అవతల, ఒక ప్రింటింగ్ ప్రెస్సు పైనున్న గదిలో ఎడిటింగ్ చేసేది. ఫైలు పంపేది, నేను చూసేవాణ్ని, తప్పుంటే ఫోను చేసేవాణ్ని. "చెప్పు తప్పుల తమ్ముడూ" అనేది. "పదిహేడో నిమిషంలో నాలుగు ఫ్రేములు నల్లగా ఉన్నాయక్కా" అనేవాణ్ని. "దిద్ది పంపుతా" అనేది. అయిపోయింది. మిగతా ఎడిటర్లలా నీళ్లు నమిలేది కాదు, కంప్యూటర్ మీదికి నెట్టేసేది కాదు. ఆ ఒక్క గుణానికే ఆమె అంటే గౌరవం.

తర్వాత ఒకసారి ఆ గదికి వెళ్లాను కాబట్టి చెప్పగలను. కిటికీకి నల్ల కాగితం అంటించి ఉంటుంది. కింద ప్రెస్సు నడుస్తుంటే బల్ల మీది గ్లాసులో నీళ్లు వణుకుతుంటాయి. కుర్చీలు రెండు. ఒకదాంట్లో ఆమె కూర్చుంటుంది, రెండోదాని మీద పాత టేపులు పేర్చి ఉంటాయి. పొద్దున్న తొమ్మిదికి తాళం తీసి, సాయంత్రం ఆరింటికి వేస్తుంది. మధ్యలో ఒంటిగంటకి డబ్బా తెరిచి, తెర మీద ఆగిపోయిన ఏదో ఒక ముఖం ఎదురుగా తింటుంది. రోజంతా ఊళ్లోవాళ్ల మాటలన్నీ కోసి అతికించే మనిషి, ఎవరితోనైనా నోరువిప్పి మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. భర్త కెమెరామన్. పోయి మూడేళ్లు. ఆ సంగతి కూడా నాకు తెలియదు. పదకొండేళ్లలో నేను అడిగితే కదా.

ఆ రోజు వచ్చిన ఫైలు ఒకప్పుడు నదిలో తిరిగిన లాంచీల గురించి. వంతెన కట్టాక ఆగిపోయిన లాంచీల మీద అరగంట కార్యక్రమం, సాయంత్రం ఆరున్నరకి ప్రసారం. ప్రకటనలు పోను దానికి మేమిచ్చే చోటు సరిగ్గా ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలు. చూడటం ముగించేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నిడివి చూసి ఫోను తీశాను.

"అక్కా, పొడవెక్కువైంది."

"ఎంత?"

"సెకనుకి పైనే. సెకనున్నర దాటింది."

"అదెలా? నా దగ్గర కచ్చితంగా ఇరవై ఎనిమిది ముప్పై చూపిస్తోంది. కళ్లెదురుగానే ఉంది."

"మొత్తం ఫ్రేములెన్నో చూసి చెప్పు."

కీబోర్డు చప్పుడు వినిపించింది. "యాభై ఒక్క వేల మూడు వందలు."

"దాన్ని దేంతో భాగించాలి అక్కా? ముప్పైతోనా?"

ముప్పైతో భాగిస్తే పదిహేడు వందల పది సెకన్లు, అంటే ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలే. చిక్కల్లా మా వీడియో సెకనుకి ముప్పై ఫ్రేములు, అంటే ముప్పై బొమ్మలు, నడవదు. ఇరవై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఏడు నడుస్తుంది. దాంతో భాగిస్తే పదిహేడు వందల పదకొండు పాయింట్ ఏడు సెకన్లు. బొమ్మల్ని సెకనుకి ముప్పై చొప్పున లెక్కపెట్టుకుంటూ పోయే కౌంటర్, గడియారం కంటే మెల్లగా నడుస్తుంది. కౌంటర్ గంట అన్నప్పటికి గోడ మీది గడియారం గంటా మూడున్నర సెకన్లు దాటిపోయి ఉంటుంది. ఆ తేడా సర్దడానికే డ్రాప్‌ఫ్రేమ్ లెక్క పెట్టారు. అందులో ప్రతి నిమిషం మొదట్లో సున్నా, ఒకటి అనే రెండు నంబర్లు దాటేస్తారు, పది, ఇరవై, ముప్పై లాంటి నిమిషాల్లో మాత్రం దాటరు. పేరు చూసి బొమ్మలు ఊడిపోతాయని కొత్తవాళ్లు హడలిపోతుంటారు. ఒక్క బొమ్మా పోదు. పోయేవి నంబర్లే.

ఇదంతా నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"చివరి రెండంకెల ముందు కోలన్ ఉందా, సెమీకోలన్ ఉందా?" అన్నాను. సెమీకోలన్ ఉంటే డ్రాప్, కోలన్ ఉంటే నాన్‌డ్రాప్, అంటే నంబర్లేవీ దాటేయని ముప్పై లెక్క. అదే గుర్తు.

"కోలన్" అంది, చాలా మెల్లగా. "మొదట పాత టేపు క్లిప్పు వేసి టైమ్‌లైన్ తెరిచాను. దాని లెక్కే దీనికీ వచ్చేసింది. ఆయన కెమెరా ఎప్పుడూ నాన్‌డ్రాప్‌లోనే పెట్టేవారు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు."

ఆయనెవరని నేనడగలేదు.

ఆమె లెక్కని డ్రాప్‌కి మార్చింది. "ఇరవై ఎనిమిది ముప్పై ఒకటి, ఇరవై రెండు ఫ్రేములు" అని చదివింది. అంకె మారింది గానీ పొడవు మారలేదు. డ్రాప్ లెక్కలో ఇరవై ఎనిమిదిన్నరకి పట్టేవి యాభై ఒక్క వేల రెండు వందల నలభై ఎనిమిది. యాభై రెండు ఫ్రేములు ఎక్కువ.

"దీనికింత దిగులెందుకక్కా" అన్నాను, సాయం చేస్తున్నానన్న గర్వంతో. "చివర్న వ్యాఖ్యానం అయిపోయాక ఎవరో ఒకాయన కెమెరా అద్దం తుడుస్తాడు చూడు, అక్కడ యాభై రెండు కోసెయ్. ఎవడికీ తెలియదు. కోయకపోయినా మా మిషను కోసేస్తుంది, ఇరవై ఎనిమిదిన్నర కాగానే ప్రకటన ఎక్కించేస్తుంది."

ఆ షాటు మూడు సెకన్లే. లాంచీ మీద నీటి తుంపర పడి అద్దం మసకబారుతుంది. ఒక మనిషి కెమెరా వెనకనుంచి ముందుకొచ్చి, వంగి, చొక్కా అంచుతో తుడుస్తాడు. సగం షాటు వరకూ ఆయన ముఖం నీళ్లలో కలిసిపోయి ఉంటుంది. తర్వాత తేటపడుతుంది, ఆయన నవ్వుతాడు, అంతే. నేను కొయ్యమన్నది ఆ తేటపడ్డ ముఖాన్నే.

కింద ప్రెస్సు చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది.

"ఆయన మావారు తమ్ముడూ" అంది చివరికి. "ముప్పై ఏళ్లు కెమెరా వెనకే ఉన్నారు. పెళ్లి ఫొటోలు తప్ప ఏమీ లేవు నా దగ్గర. కదిలే బొమ్మ ఇదొక్కటే. మొన్న టేపులు తిరగేస్తుంటే దొరికింది."

నా నాలుక మీద వాత పెట్టినట్టయింది. వేరే దారులు వెతికాను. వేగం పిసరంత పెంచితే? మా ఛానల్ ఒప్పుకోదు, వేగం మార్చిన ఫైలుని నేనే ఎన్నోసార్లు తిప్పికొట్టాను. ఆరున్నర స్లాటులో రెండు సెకన్లు అప్పడిగితే? అక్కడ మిషను ఉంది గానీ మనిషి లేడు.

"ఏదో ఒక షాటులో యాభై రెండు తీసెయ్యి."

"ఒకేచోట తీస్తే కుంటుతుంది. మాటలన్నీ బిగించేశాను. నాలుగింటిదాకా టైమివ్వు" అని పెట్టేసింది.

నాలుగింటికి ఫైలు వచ్చింది. నిడివి చూశాను. ఇరవై ఎనిమిది ముప్పై, సెమీకోలన్, సున్నా సున్నా. మొత్తం ఫ్రేములు యాభై ఒక్క వేల రెండు వందల నలభై ఎనిమిది. నేరుగా చివరికి వెళ్లాను. ఆయన అక్కడే ఉన్నాడు, అద్దం తుడుస్తూ. ముఖం తేటగా ఉంది. మళ్లీ మొదటినుంచి చూశాను. కోత ఎక్కడ పడిందో నాకు అంతుచిక్కలేదు. తప్పులు పట్టి పొట్టపోసుకునేవాణ్ని, ఆ మధ్యాహ్నం ఓడిపోయాను. ఫోను చేశాను.

"ఎక్కడ తీశావక్కా?"

"నిమిషానికి రెండు" అంది. "మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటారే, అక్కడ. పదో నిమిషంలో, ఇరవయ్యో నిమిషంలో తీయలేదు."

వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది నిమిషాల్లో ఆ రెండూ పోగా ఇరవై ఆరు. రెండేసి చొప్పున యాభై రెండు. డ్రాప్‌ఫ్రేమ్ నంబర్లని ఎలా దాటేస్తుందో ఈమె బొమ్మల్ని అలాగే తీసేసింది. అక్కడ ఉత్త అంకెలే పోతాయి. ఇక్కడ నిజం బొమ్మలే పోయాయి, నదీ, లాంచీ, జనం, అందరి దగ్గరా రెండేసి. ఆయన దగ్గర మాత్రం ఒక్కటీ తీయలేదు. నాకు నవ్వొచ్చింది. ఫారం మీద సంతకం పెట్టేశాను.

ఆరున్నరకి ఇంటికి పోవాల్సినవాణ్ని, పోలేదు. పోయినా అక్కడ నాకోసం కాచుకున్నవాళ్లెవరూ లేరు. ప్రసారం కనిపించే తెర ముందే కూర్చున్నాను. ఏడు గంటలు కావడానికి ఇంకో మూడు నిమిషాలుందనగా ఫోను మోగింది. ఆ వేళకి ఆమె ఎప్పుడూ చేయలేదు.

"తమ్ముడూ, ఆఫీసులోనే ఉన్నావా?"

"ఉన్నానక్కా. నువ్వు చూడట్లేదూ?"

"గదిలోనే ఉన్నా. ఇక్కడ టీవీ లేదు. ఇంటికెళ్లి ఒక్కదాన్నే కూర్చుని చూడటం నావల్ల కాదు. నువ్వు చూసి చెప్పు."

చెప్పాను. వ్యాఖ్యానం అయిపోయింది, లాంచీ మలుపు తిరిగింది, అద్దం మీద నీళ్లు పడ్డాయి. "వచ్చాడక్కా. తుడుస్తున్నాడు." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ముఖం కనిపిస్తోంది. నవ్వాడు." ఆ వెంటనే సబ్బు ప్రకటన పడింది.

"పూర్తిగా నవ్వారా?"

"పూర్తిగా నవ్వాడు. ఒక్క ఫ్రేమూ పోలేదు."

"సరే, ఉంటాను" అంది. పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ప్రెస్సు ఆగిపోయినట్టుంది, అటునుంచి ఏ చప్పుడూ లేదు. సబ్బు ప్రకటన అయిపోయి ఇంకేదో మొదలైంది. ఏం మాట్లాడాలో మాకు తెలియదు. మాకు తెలిసింది ఫ్రేములే, అవి ఆ రోజుకి సరిపోయాయి.

"తమ్ముడూ."

"చెప్పక్కా."

"అన్నం తిన్నావా?"

పదకొండేళ్లలో పని సంగతి కాకుండా ఆమె నన్నడిగిన మొదటి మాట అది.

"ఇంకా లేదక్కా" అన్నాను.