బొమ్మ చెంప మీద నా వేళ్లు

మిర్యాలగూడలో తొమ్మిదో తరగతి చదివే నా మనవరాలు సౌమ్య ఎవరి ముందూ తలెత్తేది కాదు. నెట్ సెంటర్లో ఒక ఆట ఉంది. ఫొటో తీసి కళ్లు, ముక్కు, గడ్డం దగ్గర గుర్తులు పెడితే మన మొహంతోనే బొమ్మ తయారవుతుంది. మొహం నేరుగా ఉండాలట. వంచిన తలను నేనే గడ్డం పట్టి ఎత్తాను.

“నాయనమ్మా, నీ వేళ్లు గూడ బొమ్మ చెంపకు అంటుకున్నయ్. మల్ల తీద్దం.”

“గంట కిరాయి దండుగ. ఉండనీ.”

ఆటలో ఆ బొమ్మతో జట్టును నడిపిస్తూ సౌమ్య మైకులో గట్టిగా మాట్లాడేది.

సూర్యాపేట ఉపన్యాస పోటీలో మాత్రం వేదిక మీద తల వంచి నిలబడిపోయింది. కింద కూర్చున్న నా చెయ్యి అంతదూరం అందదు. అప్పుడు తనే, బొమ్మకు నా వేళ్లున్న చోటే తన చెంప మీద చెయ్యి పెట్టుకుని తలెత్తింది.

ఆ నిమిషం తలచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది.